పెళ్లికి యాప్ ఎందుకు? గూగుల్ షీట్ చాలు.. కానీ ఈ రెండు కాలమ్స్ తప్పక ఉండాలి!

చెల్లి పెళ్లి కుదరగానే నేను చేసిన మొదటి పని ప్లే స్టోర్ ఓపెన్ చేసి వెడ్డింగ్ ప్లానర్ యాప్స్ వెతకడం. మూడు ఇన్‌స్టాల్ చేశా, నెల తిరగకముందే మూడూ తీసేశా. డిజైన్ బాగుంది, చెక్‌లిస్ట్‌లు బాగున్నాయి, కౌంట్‌డౌన్ కూడా ఉంది. కానీ మూడూ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ బడ్జెట్ ఎంత? ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది?" నా అభిప్రాయంలో తెలుగింటి పెళ్లికి అడగాల్సిన ప్రశ్న అది కాదు. "ఏ రోజు, ఎవరికి, ఎంత చేతిలో పెట్టాలి?" అన్నదే అసలు ప్రశ్న. దానికి ఒక సాదా గూగుల్ షీట్ చాలు.

బడ్జెట్ గ్రీన్.. కానీ జేబు ఖాళీ

మా పెద్ద ఖర్చులు ఐదు. కల్యాణ మండపం 3 లక్షలు. క్యాటరింగ్ 500 ప్లేట్లు, ప్లేటు 600 చొప్పున ఇంకో 3 లక్షలు. ఫొటో, వీడియో 1,60,000. డెకరేషన్ 1,50,000. సన్నాయి మేళం 30,000. మొత్తం 9,40,000. మేం అనుకున్నది 10 లక్షలు కాబట్టి యాప్‌లో అంతా పచ్చగా కనిపించింది. నాన్న కూడా హ్యాపీ.

తర్వాత ఇదే లెక్కని షీట్‌లోకి మార్చా. ఒకే ఒక్క రూల్ పెట్టుకున్నా: ఒక వరుస అంటే ఒక వెండర్ కాదు, ఒక చెల్లింపు. ఫొటోగ్రాఫర్‌కి మూడు వరుసలు వచ్చాయి: అడ్వాన్స్ 40,000, పెళ్లి రోజు 80,000, ఆల్బమ్ చేతికిచ్చాక 40,000. మండపానికి రెండు: అడ్వాన్స్ లక్షన్నర, పెళ్లికి 15 రోజుల ముందు మిగతా లక్షన్నర. ప్రతి వరుసలో ఎవరికి, దేనికి, పని ఎప్పుడు, ఎంత, గడువు ఎప్పుడు, చివర్లో బాకీ లేదా ఇచ్చాం అని డ్రాప్‌డౌన్. కాలమ్స్ ఆరే. పైన ఒక సెల్‌లో ఈ ఫార్ములా:

```
=SUMIFS(D:D,F:F,"బాకీ",E:E,"<="&TODAY()+15)
```

D అంటే మొత్తం, E గడువు, F బాకీనా కాదా. రాబోయే 15 రోజుల్లో కట్టాల్సింది ఎంతో ఈ సెల్ చెప్తుంది. గడువు దాటిపోయిన బాకీలు కూడా అందులోనే కలుస్తాయి.

మండపం బ్యాలెన్స్ కట్టేశాక, పెళ్లికి 12 రోజులుందనగా ఆ సెల్‌లో కనిపించిన అంకె 4,55,000. క్యాటరింగ్ బ్యాలెన్స్ రెండున్నర లక్షలు, డెకరేషన్ లక్ష, ఫొటో 80 వేలు, మేళం 25 వేలు. ఇవన్నీ పెళ్లికి ముందు రోజు పొద్దున్నించి మర్నాటి మధ్యాహ్నంలోపు ఇవ్వాల్సినవే. నాన్న సేవింగ్స్‌లో అప్పుడున్నది 2 లక్షల చిల్లర. మిగతాది ఎఫ్‌డీలో ఉంది. అది మెచ్యూర్ అయ్యేది పెళ్లయిన తర్వాతి వారం!

"ఒరేయ్, నోట్‌బుక్‌లో అంతా సరిగ్గానే ఉంది కదరా" అన్నారు నాన్న. నిజమే, నోట్‌బుక్‌లో మొత్తాలన్నీ కరెక్టే. తేదీలే లేవు. ఆ వారమే ఎఫ్‌డీ బ్రేక్ చేశాం. కాస్త వడ్డీ పోయింది. కానీ భోజనాలు జరుగుతుండగా బంధువుల దగ్గర చేయి చాచే పరిస్థితి తప్పింది.

యూపీఐ ఉందిలే అనుకోవద్దు

డబ్బు అకౌంట్‌లో ఉన్నా ఇంకో చిక్కు ఉంది. మామూలు యూపీఐ చెల్లింపులకు పరిమితి రోజుకి లక్ష. మన వెండర్లలో చాలామంది చూపించేది పర్సనల్ నంబరే. రెండున్నర లక్షలు అలా పోవు. ఐఎంపీఎస్‌లో పంపొచ్చు. కానీ కొత్త అకౌంట్‌ని యాడ్ చేస్తే మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు తక్కువ మొత్తమే పంపనిస్తాయి. అందుకే వెండర్ల అకౌంట్లన్నీ వారం ముందే యాడ్ చేసి, ఒక్కో రూపాయి పంపి చూశా. ఒకాయన ఇచ్చిన నంబర్‌లో అంకె తప్పుందని అప్పుడే తెలిసింది. క్యాష్ ఇచ్చేద్దాం అంటారా? ఒకే ఫంక్షన్‌కి ఒకరి దగ్గర్నుంచి 2 లక్షలు, అంతకు మించి క్యాష్‌గా తీసుకోవడాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం ఒప్పుకోదు. పెద్ద క్యాటరర్లు వద్దంటారు కూడా.

రాత్రి 2:40 ఏ రోజు?

గడువు కాలమ్ మమ్మల్ని కాపాడింది. "పని ఎప్పుడు" కాలమ్‌లో మాత్రం నేనే పప్పులో కాలేశా.

మా ముహూర్తం గురువారం రాత్రి 2:40. కార్డు మీద "తెల్లవారితే శుక్రవారం" అని వేయించాం. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఫోన్‌లో అర్ధరాత్రి 12కి. నేను క్యాలెండర్‌లో గురువారం తెరిచి 2:40 AM అని కొట్టి, వెండర్లందరికీ ఇన్వైట్ పంపేశా. ఫోన్ లెక్కలో అది బుధవారం రాత్రి. అంటే పూర్తిగా ఒక రోజు ముందు!

పది రోజుల ముందు ఫొటోగ్రాఫర్ ఫోన్ చేసి, "అన్నా, బుధవారం రాత్రి ఇంకో పెళ్లి ఒప్పుకున్నా, మీది గురువారం అన్నారు కదా, ఇన్వైట్ ఏంటి ఇలా వచ్చింది?" అని అడిగాడు కాబట్టి సరిపోయింది. మేళం వాళ్లు అడగలేదు, ఇన్వైట్‌నే నమ్మి బుధవారం రాసుకున్నారు. వాళ్లకి గురువారం వేరే ఊళ్లో ప్రోగ్రాం ఉంది. బతిమాలితే సగం మంది అక్కడికి, సగం మంది మా దగ్గరికి వచ్చారు.

అందుకే ఇప్పుడు తేదీ, టైమ్ ఒకే సెల్‌లో 24 గంటల పద్ధతిలో రాస్తున్నా. పక్కనే మాటల్లో "గురువారం రాత్రి భోజనాలయ్యాక" అని కూడా. వెండర్‌కి ఫోన్‌లో ఆ మాటలే చదివి వినిపించి, వాళ్లతో తిరిగి చెప్పించుకుంటా. మండపం అద్దె కూడా ఇదే లెక్కతో చూసుకోవాలి. మాది పొద్దున 6 నుంచి మర్నాడు పొద్దున 6 వరకు. 2:40 ముహూర్తమైతే తలంబ్రాలు, అప్పగింతలు అయ్యేసరికి తెల్లవారుతుంది. అదనపు గంటల రేటు ఎంతో బుకింగ్ రోజే రాయించుకుని, షీట్‌లో ఇంకో వరుస వేయండి.

షీట్‌కీ లిమిట్స్ ఉన్నాయి

ఎడిట్ యాక్సెస్ నాకూ చెల్లికీ మాత్రమే ఇచ్చా. మిగతావాళ్లు చూడొచ్చంతే. మొదట్లో అందరికీ ఇస్తే, బాబాయి స్క్రోల్ చేస్తూ ఒక వరుసే లేపేశారు. వెర్షన్ హిస్టరీ ఉండబట్టి బతికిపోయాం. ఇక పెళ్లి రోజు దక్షిణలు, డ్రైవర్ల బత్తా, మేళం వాళ్లకి అదనంగా ఇచ్చేవి షీట్‌లోకి రావు, రానివ్వాలని ప్రయత్నించొద్దు కూడా. వాటికి చిల్లరతో ఒక కవర్ పెట్టి మేనమామ చేతికిచ్చాం. ఆ మొత్తం షీట్‌లో ఒకే వరుస.

పెళ్లయ్యాక నాన్న నోట్‌బుక్ ఇంకో పేజీ తిప్పి, కొత్తగా ఒక గీత గీశారు. పైన "గడువు" అని రాశారు. ఆల్బమ్ బ్యాలెన్స్ 40,000 అందులో మొదటి లైన్.