పసరుకు దక్కుతున్న పేరు

నెల్లిమర్ల చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ముందు గుర్తొచ్చేది పసరు మందు. టీబీకి మందులు వాడుతున్నవాళ్లు కూడా ఆ దారే పడుతున్నారు. వాళ్లలో చాలామందికి పసరు తాగాక కామెర్లు తగ్గుతాయి కూడా. ఆ తగ్గడం నిజమే. దానికి కారణం పసరేనా అన్నదే ప్రశ్న.

జూట్ మిల్లులో పనిచేసే 45 కిలోల మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. కొత్తగా మామూలు టీబీ బయటపడితే మొదటి రెండు నెలలు అతనికి రోజుకు మూడు మాత్రలు ఇస్తారు. ఒక్కో మాత్రలో ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిసి ఉంటాయి. చురుగ్గా పెరిగే క్రిములు ఈ రెండు నెలల్లోనే ఎక్కువగా చస్తాయి. ఆ తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగతా మూడింటితో నడుస్తుంది. మందగించి దాక్కున్న క్రిములను ఏరడానికే ఈ రెండో దశ. దగ్గు పోయింది కదా అని మధ్యలో మానేస్తే మిగిలేవి ఆ క్రిములే.

మందు మొదలెట్టిన రోజే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. ఇంట్లో పెద్దావిడ "ఒంట్లో వేడెక్కిపోనాదిరా, ఆ మాత్రలు మానీ" అంటుంది. అది వేడీ కాదు, రక్తమూ కాదు. రిఫాంపిసిన్‌ది సహజంగా ఎరుపు రంగు, అదే మూత్రంలోనూ చెమటలోనూ కన్నీళ్లలోనూ బయటికొస్తుంది. దీనికి మాత్ర మానక్కర్లేదు.

కామెర్ల సంగతి వేరు. నాలుగింటిలో ఇథాంబుటాల్ తప్ప మిగతా మూడూ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీయగలవు. ఇది ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే బయటపడుతుంది. ముందు ఆకలి చచ్చిపోతుంది, వికారం ఆగదు, వాంతులవుతాయి. తర్వాత కళ్లు పచ్చబడతాయి. అప్పుడు రోగి పసరు వేసే మనిషి దగ్గరికి వెళ్తాడు. ఆయన పసరు పోసి, కఠినమైన పథ్యం చెప్పి, ఇంగ్లీషు మందులన్నీ మానెయ్యమంటాడు. కాలేయాన్ని దెబ్బతీస్తున్న మాత్రలు ఆ రోజుతో ఆగిపోతాయి. చాలామందిలో కొన్ని వారాలకు కాలేయం తనంతట తానే కోలుకుంటుంది. పేరు పసరుకు పోతుంది.

మాత్రలు ఆపి పసరు తాగనివాళ్లను, మాత్రలు ఆపి పసరు తాగినవాళ్లను పక్కపక్కన పెట్టి లెక్కిస్తేనే ఏది పనిచేసిందో తెలుస్తుంది. ఆ లెక్క ఎవరూ తీయరు. కాలేయం పూర్తిగా పాడై పోయినవాళ్లు, ఆరు నెలల తర్వాత మళ్లీ రక్తం కక్కుకుంటూ వచ్చినవాళ్లు పసరు గురించి చెప్పుకునే గొప్పల్లో ఉండరు. కామెర్లు తగ్గినా టీబీ అలాగే ఉందన్న మాట పసరు ఇంట్లో ఎవరూ చెప్పరు. నాకు కోపం తెప్పించేది ఇదే.

డాక్టరు కూడా మాత్రలు ఆపమంటారు. అయితే రక్తపరీక్ష చేయించి ఆపిస్తారు. కాలేయం అంకెలు దిగాక మందులను ఒకటొకటిగా, కొన్ని రోజుల ఎడంతో, మళ్లీ మొదలెడతారు. ఏ మందు దగ్గర అంకెలు మళ్లీ పెరుగుతాయో దాన్ని పక్కనపెట్టి, మిగతావాటితో చికిత్స పూర్తిచేస్తారు. పసరుతో ఆగిన మనిషికి ఈ రెండో సగం అందదు.

ఇక అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, సూదులతో గుచ్చినట్టుండటం. కొన్ని ఊళ్లలో ఇది చిల్లంగి లెక్కలోకి పోతుంది. అసలు కారణం ఐసోనియజిడ్. నరాలకు అవసరమైన బీ6 విటమిన్‌ను అది శరీరానికి అందకుండా చేస్తుంది. మద్యం తాగేవాళ్లకు, షుగరున్నవాళ్లకు, గర్భిణులకు, తిండి చాలనివాళ్లకు ముప్పు ఎక్కువ. అందుకే రోజుకు 10 మిల్లీగ్రాముల పైరిడాక్సిన్ ఇస్తారు. నరాల బాధ మొదలైపోతే మోతాదు పెంచుతారు. చాలామంది దీన్ని బలం మాత్ర అనుకుంటారు. కొందరు బలం వస్తుందని దాన్నొక్కటే మింగి పెద్ద మాత్రలు దాచేస్తారు. దాని పని నరాలను కాపాడటమే, అది ఒక్క టీబీ క్రిమినీ చంపదు.

ఈ విటమిన్ మాట ఎవరో పెద్దాయన చెప్పాడని నమ్మింది కాదు. 1960ల మొదట్లో మద్రాసులోని టీబీ కీమోథెరపీ కేంద్రంలో ఎక్కువ మోతాదు ఐసోనియజిడ్ వాడే రోగుల్లో కొందరికి పైరిడాక్సిన్ కలిపి, కొందరికి కలపకుండా ఇచ్చి, ఎవరి కాళ్లు తిమ్మిరెక్కాయో చూశారు. కలిపినవాళ్లకు రక్షణ దొరికింది. పసరు ఇప్పటిదాకా ఇలాంటి పరీక్షకు నిలబడలేదు.

ఇథాంబుటాల్ వాడుతుండగా చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. దిష్టి తీసి కూర్చుంటే చూపు తిరిగి రాకపోవచ్చు. కళ్లు పచ్చబడితే కూడా అంతే. ఆ రోజు మాత్రలు ఆపి, మాత్రల అట్టను చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఎప్పుడు మొదలెట్టారో, ఏ దశలో ఉన్నారో, రోజుకెన్ని మింగుతున్నారో చెప్పాలి. మధ్యలో పసరు తాగి ఉంటే అదీ దాచకుండా చెప్పాలి. ఆకు పసర్లలో కొన్ని స్వయంగా కాలేయాన్ని పాడుచేస్తాయి కాబట్టి, పరీక్ష అంకెలు ఎందుకు దిగడం లేదో డాక్టరుకు అప్పుడే అర్థమవుతుంది.