బోండాం మంచిదే, కానీ దాని పని వేరు

విరేచనాలు పట్టుకున్న పిల్ల ఉన్న ఇంట్లో సలహాలకు కొదవుండదు. ‘‘ఓ కొబ్బరి బోండాం కొట్టించి తాగించమ్మా, వేడి తగ్గుతుంది’’ అంటారు పెద్దవాళ్ళు. ‘‘గ్యాస్ పోయేదాకా గిలక్కొట్టి కూల్‌డ్రింక్ ఇవ్వండి’’ అంటారు పక్కింటివాళ్ళు. మెడికల్ షాపుకి వెళితే ఆరెంజ్ బొమ్మో, ఆపిల్ బొమ్మో ఉన్న డబ్బా చేతిలో పెడతారు. మూడూ ద్రవాలే కదా, ఏదైతేనేం అని నేనూ చాలాకాలం అనుకున్నదాన్నే. అలా అనుకోకూడదని 2024 మే నెలలో మా ఇంట్లోనే తెలిసొచ్చింది.

మా మరిది కూతురికి అప్పుడు రెండున్నరేళ్ళు, బరువు పదకొండు కిలోలు. పెళ్ళి భోజనం తిని వచ్చిన మర్నాడు పొద్దున్నించీ నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఆరుసార్లు అయ్యాయి, రెండు వాంతులు కూడా. మా తోడికోడలు చదువుకున్న పిల్ల, చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముందు కూల్‌డ్రింక్ పట్టింది. పిల్ల ఇష్టంగా తాగింది. తర్వాత మరిది షాపుకెళ్ళి ‘‘ఓఆర్‌ఎస్ ఇవ్వండి’’ అని అడిగితే రెండు డబ్బాలిచ్చారు. డబ్బా మీద ఆ మూడక్షరాలూ పెద్దగానే ఉన్నాయి. అవీ పట్టింది. చిత్రంగా విరేచనాలు ఇంకా నీళ్ళగా, ఇంకా ఎక్కువసార్లు అయ్యాయి. సాయంత్రానికి పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. మధ్యాహ్నం నుంచీ ఒంటికి పోసుకోలేదు.

డాక్టరుగారు పొట్ట మీది చర్మాన్ని మెల్లగా పట్టి వదిలారు. మడత వెంటనే సర్దుకోకుండా నిదానంగా పోయింది. ‘‘ఏం తాగించారు?’’ అన్నారు. డబ్బా చూపిస్తే తిప్పి, వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్‌ఎస్ ఫార్ములా ఇది కాదని అందులో రాసి ఉంది! ముందు పెద్దక్షరాల్లో ఒకటి, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకొకటి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఏ తల్లి డబ్బా తిప్పి చూస్తుంది చెప్పండి?

అసలు సంగతేమిటంటే, విరేచనాలప్పుడు ఒంట్లోంచి పోయేది ఒక్క నీరే కాదు. నీటితోపాటు ఉప్పు, అంటే సోడియం పోతుంది, పొటాషియం పోతుంది. ఉత్త నీళ్ళు తాగిస్తే పోయిన ఉప్పు తిరిగి రాదు. పేగు గోడలో ఒక ద్వారం లాంటిది ఉంది. అందులోంచి గ్లూకోజు, సోడియం చేయీ చేయీ పట్టుకుని లోపలికి వెళతాయి. వాటి వెంట నీరు వెళుతుంది. ఎంత విరేచనమవుతున్నా చాలా జబ్బుల్లో ఈ ద్వారం మాత్రం మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ కిటుకుతోనే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని నిలబెట్టారు.

అయితే రెండూ సమపాళ్ళలో ఉండాలి. ఇప్పటి ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజు పదమూడున్నర గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఆ పైన కొంచెం పొటాషియం క్లోరైడు, సిట్రేటు. రుచి చూస్తే కన్నీళ్ళకన్నా ఎక్కువ ఉప్పగా ఉండదు, తియ్యగా కూడా ఉండదు.

ఇక కూల్‌డ్రింక్ సంగతి చూడండి. లీటరుకి నూరు గ్రాముల పైచిలుకు చక్కెర, ఉప్పు లేనట్టే లెక్క. మాగాయ ముక్కలకి ఉప్పు కలిపి మూతపెడితే ఏమవుతుంది? ముక్కల్లోని నీరంతా ఊటగా బయటికొస్తుంది. చిక్కటి చక్కెర నీళ్ళు పేగులో చేరినా అదే తంతు. ఒంట్లోని నీటిని పేగులోకి లాగేస్తాయి. బయటికి పోవలసినదానికి ఇంకాస్త కలుస్తుంది. గిలక్కొట్టి గ్యాస్ తీసేస్తే పోయేది గ్యాసే, చక్కెర పోదుగా! మా తోడికోడలు పట్టిన డబ్బాల్లోనూ లీటరు లెక్కన చూస్తే చక్కెర కూల్‌డ్రింక్‌కి దగ్గర దగ్గరగానే ఉంది. ఉప్పు దానికన్నా కొంత నయం, కానీ కావలసినంత లేదు.

ఆ రాత్రి డాక్టరుగారు వేసిన లెక్క నాకింకా గుర్తుంది. ఈ మాత్రం నీరు తగ్గిన పిల్లలకి కిలోకి 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో ఓఆర్‌ఎస్ పట్టాలి. పదకొండు కిలోలకి 825 మిల్లీలీటర్లు. అందులో ఉండే చక్కెర రెండు చెంచాలు. అదే 825 మిల్లీలీటర్లూ కూల్‌డ్రింక్ పట్టి ఉంటే చక్కెర పదహారు పదిహేడు చెంచాలయ్యేది. పిల్లకి వాంతులున్నాయి కాబట్టి గ్లాసుతో వద్దన్నారు. నిమిషం, నిమిషంన్నరకి ఒక చిన్న చెంచా. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, మళ్ళీ ఇంకా నెమ్మదిగా. నేనూ, మా తోడికోడలూ వంతులేసుకుని పట్టాం. రాత్రి పదకొండు దాటాక పిల్ల పక్క తడిపింది. జీవితంలో పక్క తడిసినందుకు అంత సంతోషించింది అప్పుడే.

మరి కొబ్బరినీళ్ళ మాటేమిటంటారా? బోండాన్ని కూల్‌డ్రింక్‌తో ఒకే గాటన కట్టను. చక్కెర చాలా తక్కువ, శుభ్రమైన నీరు, అప్పటికప్పుడు కొట్టించుకుని తాగుతాం. కానీ దాని పాళ్ళు వేరు. పొటాషియం ఓఆర్‌ఎస్‌లోకన్నా రెండింతల పైనే ఉంటుంది, సోడియం మాత్రం చాలా తక్కువ. పైగా లేత కాయ, ముదురు కాయ, ఏ నేలలో కాసిందన్నదాన్నిబట్టి ఇదంతా మారిపోతుంది. కాబట్టి ఒకటి రెండు విరేచనాలై, పిల్ల ఆడుకుంటూ, అన్నం తింటూ ఉంటే బోండాం నిక్షేపంగా ఇవ్వచ్చు. ఉప్పేసిన గంజో, పల్చటి మజ్జిగో దానికి తోడుంటే మరీ మంచిది. కళ్ళు గుంటలు పడ్డ పిల్లకి మాత్రం బోండాం ఒక్కటే పట్టి కూర్చుంటే చాలదు. మూత్రపిండాల జబ్బున్న పెద్దవాళ్ళకైతే ఆ పొటాషియం గుండెకే ప్రమాదం. డాక్టరునడక్కుండా వాళ్ళకి బోండాం ఇవ్వకూడదు.

‘‘ఓఆర్‌ఎస్ ఇచ్చాం, విరేచనాలు ఆగలేదు, అందుకే మానేశాం’’ అనే తల్లుల్ని చాలామందిని చూశాను. అది విరేచనాలు ఆపే మందు కాదండీ. పోయిన నీటినీ, ఉప్పునీ తిరిగి నింపేది. బిందెకి చిల్లి ఉన్నంతసేపూ పోస్తూనే ఉండాలి, చిల్లి దానంతటదే పూడుతుంది. నీరు నిండాక కూడా ప్రతి విరేచనానికీ రెండేళ్ళలోపు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పై పిల్లలకి 100 నుంచి 200 దాకా పడుతుండాలి. తల్లిపాలు, అన్నం మానిపించకూడదు. డాక్టర్లు రాసే జింకు మాత్రలు విరేచనాలు కట్టినా పధ్నాలుగు రోజులూ వెయ్యాలి.

కలపడంలోనూ మనం పొరపాట్లు చేస్తాం. లీటరు నీళ్ళకి కలపాల్సిన పెద్ద ప్యాకెట్‌ని ఒక గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లకి ప్రాణం మీదికొస్తుంది. ఇంత పొడి వేసి మిగతాది దాచడమూ తప్పే, పాళ్ళు కుదరవు. 200 మిల్లీలీటర్లకి చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, ఏదైనా మీద రాసిన కొలతకే మొత్తం కలపాలి. కలిపాక కాచకూడదు. ఇరవైనాలుగు గంటల తర్వాత పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి చిన్న చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు చెయ్యి జారకుండా చూసుకోండి.

పిల్ల మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడినా, పట్టిందల్లా వాంతి చేసుకుంటున్నా ఇంట్లో చెంచా పట్టుకుని కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తండి. ఆరునెలల్లోపు పసివాళ్ళని మొదట్లోనే చూపించాలి.

ఆ డబ్బాల విషయం మీద మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు ఏళ్ళ తరబడి పోరాడారు, హైకోర్టుకీ వెళ్ళారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, పండ్ల రసాలూ, ఇతర పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. వెనక ఆ సన్నక్షరాల వాక్యం రాసి తప్పించుకునే వీలూ పోయింది. ఒక ఆడ డాక్టరు పట్టుదల ఎంత పని చేసిందో చూడండి.

అయినా నా అనుమానం నాకుంది. డబ్బా మీద పేరు మారితే చాలదు. ఎలక్ట్రోలైట్ డ్రింక్ అనే మాటతో రంగు నీళ్ళు అమ్ముకోవచ్చు. అడిగిన తల్లికి షాపువాడు ఫ్రిజ్‌లో ఉన్నదే అందిస్తే మళ్ళీ కథ మొదటికొస్తుంది. తాగడానికి తయారుగా దొరికేవాటిలోనూ సరైన ఫార్ములావి ఉన్నాయి. కాబట్టి డబ్బాలన్నీ చెడ్డవని అనను. చూడాల్సింది బొమ్మని కాదు, వెనకున్న అంకెల్ని. ప్యాకెట్ మీద ‘ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ ఐ.పి.’ అని ఉందా, సోడియం 75, గ్లూకోజు 75, మొత్తం 245 అని ఉందా? ఉంటే తీసుకోండి. లేకపోతే ‘‘ఇది కాదండీ, పొడి ప్యాకెట్ ఇవ్వండి’’ అని గట్టిగా అడగండి. మొహమాటపడాల్సిన చోటు కాదది.

మా ఇంట్లో ఇప్పుడు పోపులడబ్బా పక్కనే నాలుగు ప్యాకెట్లుంటాయి. ఆశా కార్యకర్త ఇచ్చినవే, పైసా ఖర్చు లేదు. గడువు తేదీ చూసి మారుస్తుంటాను. మా మరిది కూతురు ఇప్పుడు బడికి వెళుతోంది. బోండాం అంటే దానికి ప్రాణం. ఒంట్లో బాగున్నరోజున ఎన్నయినా కొట్టిస్తాం.