పగలని పార్శిళ్లే అసలు సాక్ష్యం

కడప నుంచి నన్నారి షర్బత్ సీసాలు పంపేవారైనా, బేతంచెర్ల నుంచి నాపరాతి వస్తువులు పంపేవారైనా కొరియర్ కంపెనీకి రాసే ఫిర్యాదులు ఇంచుమించు ఒకే తీరులో ఉంటాయి. ‘మీవాళ్లు పెట్టెలు విసిరేస్తున్నారు, ఈ నెలలో ఇన్ని పగిలాయి, ఖాతాదారులు మమ్మల్ని తిడుతున్నారు, నష్టం కట్టివ్వండి’ అని రాస్తారు. దానికి వచ్చే జవాబు కూడా ఒకే తీరులో ఉంటుంది: ‘ప్యాకింగ్ సరిగా లేదు’. అంతటితో ఆ ఫైలు మూతపడుతుంది. అమ్మకందారు చెప్పింది అబద్ధమని కాదు. పగిలిన పార్శిళ్ల జాబితా ఒక్కటే చేతిలో ఉంటే అది ప్యాకింగ్ లోపానికీ సరిపోతుంది, కొరియర్ నిర్లక్ష్యానికీ సరిపోతుంది. రెండింటినీ విడదీయాలంటే క్షేమంగా చేరిన పార్శిళ్ల లెక్క కూడా ఆ లేఖలోకి రావాలి. ఆర్డర్ రికార్డు విలువ అక్కడే ఉంది.

మన సాక్ష్య చట్టం కూడా ఇంచుమించు ఇదే మాట చెబుతుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 28వ సెక్షన్ ప్రకారం వ్యాపారంలో క్రమం తప్పకుండా రాసుకునే ఖాతాలు, అవి కంప్యూటర్‌లో ఉన్నా సరే, సాక్ష్యంగా పనికివస్తాయి. కానీ వాటి మీదనే ఆధారపడి ఎదుటివారిని బాధ్యులను చేయడానికి వీల్లేదు. పాత చట్టంలోని 34వ సెక్షన్ కూడా ఇదే చెప్పింది. ఎవరి చిట్టా వారు రాసుకుంటారు కాబట్టి ఈ జాగ్రత్త సబబే. అందువల్ల అమ్మకందారు తన చిట్టాలోని ప్రతి వరుసనూ కొరియర్ రికార్డులోని వరుసతో ముడిపెట్టాలి. ఆ ముడి రసీదు మీద ఉండే ఏడబ్ల్యూబీ నంబరు. ఆర్డర్ నంబరు, బిల్లు నంబరు, ఏడబ్ల్యూబీ, బుకింగ్ తేదీ, బుకింగ్ బరువు, డెలివరీ తేదీ, ఖాతాదారుకు డబ్బు తిరిగి పంపిన లావాదేవీ నంబరు ఒకే వరుసలో ఉంటే, దాన్ని కాదనాలనుకునే కంపెనీ తన స్కాన్ రికార్డును కూడా కాదనాల్సి వస్తుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. కడపలో ఒకామె రెండేసి షర్బత్ సీసాలు పెట్టిన పెట్టెలను మూడు నెలల్లో 300 పంపింది. సరుకు విలువ పెట్టెకు 800 రూపాయలు, కొరియర్ ఛార్జీ 150. వాటిలో 27 పెట్టెలు చెడిపోయాయి. ఈ అంకె ఒక్కటే రాస్తే 9 శాతం నష్టం అవుతుంది, దానికి ‘గాజు సీసాలు కదా’ అని జవాబు వస్తుంది. అదే అంకెను దారుల వారీగా విడదీస్తే కథ మారుతుంది. హైదరాబాద్‌కు వెళ్లిన 140లో చెడినవి 4, బెంగళూరుకు వెళ్లిన 90లో 3, విశాఖకు వెళ్లిన 70లో 20. సీసా అదే, పెట్టె అదే, కట్టిన చేతులూ అవే. లోపం ప్యాకింగ్‌దే అయితే హైదరాబాద్ దారిలో కూడా అది బయటపడాలి.

అయితే ఇక్కడితో తీర్పు చెప్పేస్తే తొందరపాటే. విశాఖ దూరం, పెట్టె ఎక్కువసేపు కుదుపులకు లోనవుతుంది కాబట్టి నష్టం కొంత ఎక్కువగా ఉండొచ్చని కొరియర్ వాదించగలదు. అందుకే ఆ 70 పెట్టెల ట్రాకింగ్ వివరాలు తెరిచి చూడాలి. నేరుగా వెళ్లిన బండిలో 38 పెట్టెలు ఉంటే వాటిలో చెడినవి 2, దారిలో ఒక హబ్‌లో దించి మరో బండికి ఎక్కించినవి 32 అయితే వాటిలో చెడినవి 18 అనుకుందాం. దూరం రెండింటికీ ఒకటే. తేడా దించడంలోనూ ఎక్కించడంలోనూ ఉంది. ఇప్పుడు ఫిర్యాదు ‘మీ కంపెనీ మంచిది కాదు’ అనే నిందగా మిగలదు. ఫలానా హబ్‌లో ఏం జరుగుతోందో చూడండి అనే నిర్దిష్టమైన ప్రశ్న అవుతుంది. ట్రాకింగ్ పేజీలు ఎప్పటికీ అలాగే ఉంటాయన్న భరోసా లేదు కాబట్టి డెలివరీ రోజునే వాటిని భద్రపరుచుకోవాలి.

తర్వాతి పని కష్టమైనది: తన క్లెయిమ్‌ను తానే తగ్గించుకోవడం. చెడిన ప్రతి పెట్టే కొరియర్ తప్పు కాదు. మూత చుట్టూ జిగట కారి, గాజు చెక్కుచెదరకపోతే అది మూత బిగింపు లోపం. ఎండాకాలంలో పాకం వేడెక్కి వ్యాకోచిస్తే ఈ లోపం మరింత బయటపడుతుంది. పెట్టె బయట నలగకుండా, లోపల సీసాలు ఒకదానికొకటి తగిలే చోట పగిలితే మధ్యలో అట్ట పెట్టలేదని అర్థం. పెట్టె మూల లోపలికి నొక్కుకుపోయి, సరిగ్గా ఆ మూలనున్న సీసా భుజం పగిలితే మాత్రం అది బయటి దెబ్బ. ఈ తేడా తెలియాలంటే ఖాతాదారు పంపే ఫొటోలో పగిలిన సీసాతో పాటు పెట్టె మూలలూ లేబులూ కనిపించాలి. మన ఉదాహరణలో మూత కారినవి 4, సీసాలు ఒకదానికొకటి తగిలి పగిలినవి 3, లేబుల్ ఫొటో లేనివి 2 తీసేస్తే మిగిలేవి 18. ఆ తీసేసిన 9 గురించి కూడా లేఖలో రాయాలి. తనకు ప్రతికూలమైన వరుసలను తానే చూపించిన చిట్టాను కల్పితమని అనడం కష్టం.

ద్రవ సరుకు పంపేవారికి మరో సాక్ష్యం కొరియర్ దగ్గరే ఉంటుంది. చెప్పిన బరువు కంటే పార్శిల్ ఎక్కువ తూగితే అదనపు ఛార్జీ వేయడానికి చాలా కంపెనీలు హబ్‌లో యంత్రం మీద మళ్లీ తూస్తాయి. 700 మిల్లీలీటర్ల చిక్కని పాకం సుమారు 900 గ్రాములుంటుంది. ఒక సీసా పగిలి పాకం కారిపోతే తర్వాతి తూకంలో ఆ లోటు కనిపించాలి. మొదటి హబ్‌లో 3 కిలోలున్న పెట్టె రెండో హబ్‌లో 2.4 కిలోలకు దిగితే, నష్టం ఎక్కడ జరిగిందో కంపెనీ తూకమే చెబుతుంది. దీనికి పరిమితులున్నాయి. కారిన పాకాన్ని అట్టపెట్టె కొంత పీల్చుకుంటుంది. అరకిలో శ్లాబుకు సవరించిన బరువు మాత్రమే రికార్డులో ఉంటే చిన్న తేడా కనబడదు. అందుకే బిల్లు వేసిన బరువును కాకుండా యంత్రం చూపిన బరువును అడగాలి.

దీనికి ఎదురుగా కంపెనీ చూపేది డెలివరీ రుజువు: ‘ఖాతాదారు ఓటీపీ ఇచ్చి తీసుకున్నారు’. ఓటీపీ చెప్పేది పెట్టె చేతికి అందిందని మాత్రమే. పెట్టె విప్పకముందే ఓటీపీ అడుగుతారు కాబట్టి లోపలి సరుకు బాగుందని అది రుజువు చేయదు. పెట్టె తడిగా ఉంటే ఓటీపీ ఇవ్వకముందే ఫొటో తీయమని, వీలైతే తిప్పి పంపమని ఖాతాదారుకు ముందే చెప్పి ఉంచడం మేలు.

ఇన్ని సిద్ధమయ్యాక లేఖ పొడవుగా ఉండక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

‘బ్రాంచి మేనేజర్ గారికి. అయ్యా, గత మూడు నెలల్లో మీ ద్వారా పంపిన 300 పార్శిళ్ల పట్టిక జతచేశాను. అందులో 27 చెడిపోయాయి. మా ప్యాకింగ్ లోపమని తేలిన 7, ఆధారం చాలని 2 వదులుకుంటున్నాను. మిగిలిన 18 పార్శిళ్లకు ఏడబ్ల్యూబీ నంబర్లు, ఫొటోలు, బిల్లులు, ఖాతాదారులకు డబ్బు వాపసు చేసిన వివరాలు జతపరిచాను. చెడిన వాటిలో ఎక్కువ భాగం ఒకే హబ్‌లో బండి మారినవి. అదే ఊరికి నేరుగా వెళ్లినవి దాదాపు అన్నీ క్షేమంగా చేరాయి. ఆ హబ్‌లోని స్కాన్, తూకం రికార్డులు ఇప్పించండి. సరుకు విలువ 14,400 రూపాయలు చెల్లించమని కోరుతున్నాను. దీన్ని రోడ్డు రవాణా చట్టం కింద రాతపూర్వక నోటీసుగా పరిగణించగలరు.’

ఆఖరి వాక్యం మర్యాదకు రాసింది కాదు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి నుంచి అమల్లో ఉంది. ఇంటి నుంచి ఇంటికి సరుకు చేరవేసే కొరియర్ ఏజెన్సీలను కూడా అది రవాణాదారులుగా గుర్తిస్తుంది. ప్రభుత్వం మాత్రం ఆ నిర్వచనంలోకి రాదు కాబట్టి తపాలా శాఖకు ఇది వర్తించదు. నష్టం రవాణాదారు నిర్లక్ష్యం వల్లే జరిగిందని దావా వేసినవారు రుజువు చేయనక్కర్లేదని 12వ సెక్షన్ చెబుతుంది. కానీ బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే దావాకు దారే ఉండదు. ఆ గడువు ప్రతి పార్శిల్‌కూ విడిగా నడుస్తుంది కాబట్టి బుకింగ్ తేదీ పట్టికలో తప్పనిసరి. వ్యవహారం దావా దాకా వెళితే కంప్యూటర్ పట్టికకు సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కూడా జతచేయాలి.

ఇక ఎంత వస్తుందన్నది సరుకును బట్టి మారుతుంది. బుకింగ్ సమయంలో ఎక్కువ రిస్కు రేటు చెల్లించి ఉండకపోతే, రవాణాదారు బాధ్యత ఛార్జీకి పది రెట్లు మించదు, రాసిచ్చిన సరుకు విలువనూ దాటదు. షర్బత్ పెట్టెకు ఛార్జీ 150 కాబట్టి పరిమితి 1,500. సరుకు 800 కాబట్టి మొత్తం అడగవచ్చు. అదే కడప జిల్లా మాధవరం నుంచి 6,000 రూపాయల చీర 80 రూపాయల ఛార్జీతో వెళ్లి తడిసి పాడైతే పరిమితి 800 దగ్గరే ఆగిపోతుంది. బరువైన చవక సరుకుకు చట్టం సరిపోతుంది, తేలికైన ఖరీదైన సరుకుకు సరిపోదు. చీర పంపేవారికి రిస్కు రేటు దండగ ఖర్చు కాదు.

సంతకం పెట్టిన కాగితం ఎంత దూరం కట్టిపడేస్తుందో 1996లో సుప్రీంకోర్టు భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో తేల్చింది. జర్మనీకి పంపిన పత్రాలు చేరక నష్టపోయిన ఎగుమతిదారుకు రాష్ట్ర వినియోగదారుల కమిషన్ 4 లక్షల పైచిలుకు ఇప్పించింది. కొరియర్ నోటు మీద బాధ్యత 100 డాలర్లకే పరిమితమని ఉంది, దాని కింద సంతకమూ ఉంది. చివరికి నిలిచింది ఆ 100 డాలర్లే. ఎంత నష్టపోయారన్నది కాకుండా ఏ కాగితానికి ఒప్పుకున్నారన్నదే అక్కడ లెక్కలోకి వచ్చింది.

ఒప్పందాల్లో మరో షరతు ఉంటుంది: రెండు మూడు రోజుల్లో చెప్పకపోతే క్లెయిమ్ చెల్లదని. వేళకు చెప్పడం మంచిదే. కానీ గడువు దాటిందన్న ఒక్క కారణంతో హక్కునే రద్దు చేసే షరతులు చెల్లవని కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ అంటుంది. రవాణా చట్టం 180 రోజులు ఇస్తుంటే 48 గంటలకే ఫైలు మూసేయడాన్ని అమ్మకందారులు రాతపూర్వకంగా ప్రశ్నించాలి.

కొరియర్ కంపెనీల బాధను కూడా కాదనలేం. తక్కువ రేటుకు మోసే చోట దొంగ క్లెయిములూ వస్తాయి. అయితే దానికి మందు అందరి ఫిర్యాదులనూ తిరస్కరించడం కాదు, రికార్డు తెరిచి చూపడం. అదనపు ఛార్జీ వేయాల్సి వచ్చినప్పుడు హబ్ తూకాన్ని సాక్ష్యంగా చూపే కంపెనీ, నష్టం గురించి అడిగినప్పుడు అదే తూకాన్ని దాచడం న్యాయం కాదు. ఏడబ్ల్యూబీ నంబరు చెప్పి అడిగిన ప్రతి అమ్మకందారుకూ ఆ పార్శిల్ స్కాన్, తూకం వివరాలు ఇచ్చి తీరాలన్న నిబంధన రవాణా చట్టం కింది నియమాల్లో చేర్చాలి. అది వచ్చేదాకా రాయలసీమ చిన్న అమ్మకందారు చేయగలిగింది ఒకటుంది: పగిలిన రోజున కాకుండా, మొదటి పెట్టె పంపిన రోజు నుంచే పట్టిక రాయడం.