పండక్కి బస్సు రేటు: ఖర్చెంత, తొందరెంత?

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాజమండ్రికి టికెట్ చూస్తే, ఎప్పుడూ వెయ్యి ఉండే ప్రైవేటు స్లీపర్ బెర్తు 2,800 చూపించింది. ఇదంతా దోపిడేనా? కూర్చుని లెక్కేశా.

36 బెర్తుల బస్సు అనుకుందాం. మామూలప్పుడు రానూపోనూ నిండితే 72 వేలు వస్తాయి. పండగ ముందు జనమంతా సొంతూళ్ల వైపే. తిరుగు బస్సులో ఆరుగురే ఎక్కితే వచ్చేది 6 వేలు. మిగతా 66 వేలు వెళ్లేవాళ్ల నుంచే రాబట్టాలంటే తలా 1,833. ఖాళీ బస్సు భారం అక్కడిదాకానే. ఆపైన దాదాపు వెయ్యి మన తొందరకి కట్టిన ధర.

రైల్లో అలా కాదు. మామూలు ఎక్స్‌ప్రెస్‌లలో ప్రీమియం తత్కాల్ తప్ప మిగతా టికెట్ల ధర రద్దీని బట్టి మారదు. బుకింగ్ 60 రోజుల ముందు ఉదయం 8కి మొదలవుతుంది. జనవరి 12న బయల్దేరాలంటే నవంబర్ 13న రెడీగా ఉండాలి.

వెయిటింగ్ వస్తే నంబరొక్కటే కాదు, ముందున్న అక్షరాలూ చూడండి. GNWL అయితే కన్ఫర్మ్ అయ్యే అవకాశం ఎక్కువ, PQWL అయితే తక్కువ. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగే అయితే ఈ-టికెట్ దానంతటదే రద్దై, కొంత ఛార్జీ పోను డబ్బు వెనక్కొస్తుంది. కానీ అప్పటికి బస్సు రేటు ఇంకా మండిపోతుంటుంది. అందుకే PQWL పడితే చార్టు దాకా ఆగకండి. క్యాన్సిలేషన్ షరతులు చదివి, డబ్బు తిరిగొచ్చే బస్సు టికెట్ ముందే తీసుకోండి.