బండి మీద గడిచే గంటలూ డ్యూటీయే



మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో సీసీ కెమెరాలు, ఏసీలు, వాటర్ ఫిల్టర్లు, ఇంటర్నెట్ కనెక్షన్లు బాగుచేసే టెక్నీషియన్లలో నేనూ ఒకడిని. ఒక కస్టమర్ దగ్గర పని ముగించి ఇంకో కస్టమర్ దగ్గరికి బండి మీద వెళ్లే సమయం డ్యూటీ కిందికి వస్తుందా రాదా అన్నది మా జీతాలను నిర్ణయించే ప్రశ్న. చాలా కంపెనీలు రాదనే అంటున్నాయి. కస్టమర్ ఇంట్లో యాప్‌లో చెక్-ఇన్ కొట్టినప్పటి నుంచి ఓటీపీతో కాల్ క్లోజ్ చేసే దాకానే పని అని లెక్కగడుతున్నాయి.

ఆ లెక్కలో ఒక రోజు ఎలా ఉంటుందో చూడండి. ఉదయం 9.30కి మొయినాబాద్‌లో మొదటి కాల్. తర్వాత చిలుకూరు దగ్గర రిసార్టు, అక్కడి నుంచి చేవెళ్లలో ఒక దుకాణం, ఆలూరులో ఒక ఇల్లు, మళ్లీ మొయినాబాద్. చివరి కాల్ క్లోజ్ అయ్యేసరికి సాయంత్రం 6.20. ఐదు చోట్లా కలిపి చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న సమయం 5 గంటల 40 నిమిషాలు. నాలుగు ప్రయాణాలకు రెండున్నర గంటలు. మధ్యాహ్నం భోజనం 40 నిమిషాలు, అది మన సొంతం, దాన్ని ఎవరూ అడగడం లేదు. ప్రయాణం కలిపితే పని 8 గంటల 10 నిమిషాలు. వారానికి ఆరు రోజులంటే 49 గంటలు. యాప్ మాత్రం 34 గంటలే చూపిస్తుంది.

తేడా ఇక్కడే తెలుస్తుంది. 2025 జులైలో రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతిచ్చింది, వారానికి 48 గంటల పరిమితిని మాత్రం అలాగే ఉంచింది. అది దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. 49 గంటలు పనిచేసిన మనిషికి వారానికి ఒక గంట ఓవర్‌టైమ్ రావాలి. 34 గంటల లెక్కలో అతను 'పని తక్కువ చేసినవాడు' అవుతాడు, ఇన్సెంటివ్ కూడా పోతుంది. కాల్‌కు ఇంత అని డబ్బులిచ్చే చోట కనీస వేతనం అందుతోందో లేదో తేల్చాలన్నా, నెలకు వచ్చిన డబ్బును రోడ్డు మీది గంటలు కూడా కలిపిన పనిగంటలతో భాగించాల్సిందే.

పెట్రోలు డబ్బులు ఇస్తున్నాం కదా అని కంపెనీలు అంటాయి. కిలోమీటరుకు ఇచ్చేది బండికి అయ్యే ఖర్చు. బండి నడిపే మనిషి సమయానికి అది కూలి కాదు.

దారిలో కుర్రాళ్లు టీ కొట్టు దగ్గర కాలక్షేపం చేస్తారన్నది ఇంకో మాట. ఇందులో కొంత నిజముంది. అయినా ప్రతి కదలికా లైవ్ లొకేషన్‌లో కనబడుతూనే ఉంటుంది. మ్యాప్ చూపించే సమయానికి ట్రాఫిక్ కోసం కొంత కలిపి, ఆ మేరకు లెక్కించవచ్చు. సొంత పనికి ఆగిన సమయాన్ని తీసేయవచ్చు. దానికి మాకు అభ్యంతరం లేదు.

గీత ఎక్కడ గీయాలన్నదానికి నా దృష్టిలో ఒకటే కొలత: ఆ సమయంలో యాప్ ఆపేసి నా పని నేను చూసుకోగలనా? మొదటి కాల్‌కూ చివరి కాల్‌కూ మధ్య అది కుదరదు కాబట్టి ఆ ప్రయాణమంతా డ్యూటీయే. పొద్దున్నే స్పేర్ పార్టుల కోసం స్టోర్‌కు రమ్మంటే డ్యూటీ అక్కడే మొదలైనట్టు. ఇంటి నుంచి నేరుగా దగ్గర్లోని మొదటి కాల్‌కు వెళ్లడాన్ని మామూలు రాకపోకల కిందే వదిలేయవచ్చు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో ఒక పని చోటు నుంచి ఇంకో పని చోటుకు వెళ్లే సమయాన్ని పనిగంటల్లో కలపాలని కార్మిక శాఖ నిబంధనే ఉంది. స్పెయిన్‌లో టైకో కంపెనీ ప్రాంతీయ ఆఫీసులు మూసేసి, టెక్నీషియన్లను ఇళ్ల నుంచే కస్టమర్ల దగ్గరికి పంపింది. స్థిరమైన ఆఫీసు లేనివాళ్లకు ఇంటి నుంచి మొదటి కస్టమర్ దాకా, చివరి కస్టమర్ నుంచి ఇంటి దాకా పట్టే సమయం కూడా పనివేళే అని 2015 సెప్టెంబరులో యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ సమయానికి జీతం ఎంతన్నది మాత్రం ఆయా దేశాలకే వదిలేసింది. మేం అడుగుతున్నది అంతకన్నా తక్కువే.

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. మర్రిచెట్ల మధ్య మలుపులు తిరిగే ఈ బీజాపూర్ రోడ్డు మీద టిప్పర్లు ఎలా వస్తాయో ఇక్కడివాళ్లకు తెలుసు. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సు ప్రమాదాన్ని ఎవరం మరిచిపోలేదు. రోడ్డు మీది నిమిషాలకు విలువ లేదంటే ప్రతి టెక్నీషియనూ ఆ నిమిషాలను తగ్గించుకోవాలనే చూస్తాడు, యాక్సిలరేటర్ తిప్పుతాడు. పనికి వెళ్లేటప్పుడు జరిగే ప్రమాదానికి ఉద్యోగంతో సంబంధం ఉంటే పరిహారం వర్తిస్తుందని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. దెబ్బ తగిలితే డ్యూటీ, క్షేమంగా చేరితే డ్యూటీ కాదు అనడం ఏం న్యాయం?

కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటి కింద రాష్ట్రం రాసే నియమాల్లో 'ఒక పని స్థలం నుంచి మరో పని స్థలానికి యజమాని ఆదేశంపై చేసే ప్రయాణం పనివేళగా లెక్కించాలి' అన్న వాక్యాన్ని చేర్చాలని కార్మిక శాఖను కోరుతున్నాను. అప్పటిదాకా తోటి టెక్నీషియన్లు చెక్-ఇన్, చెక్-అవుట్ స్క్రీన్‌షాట్లను రోజూ దాచుకోవాలి. రేపు కార్మిక శాఖ అధికారి ముందు చూపించడానికి అవే పనికొస్తాయి.

ఇట్లు,
ఒక ఫీల్డ్ టెక్నీషియన్, మొయినాబాద్