ఒకే వడ్ల బస్తా, రెండు జవాబులు

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నారా? అయితే ఈ లెక్క మీకు ఏదో ఒక రూపంలో ఎదురై ఉంటుంది. లింగాల ఘనపూర్ మండలంలో ఒక రైతు వడ్ల విత్తన బస్తా కొన్నాడనుకుందాం. నారు పోసే ముందు 50 గింజలు తడి గోనెపట్టాలో చుట్టిపెడితే 44 మొలిచాయి. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక శాతం 80. బస్తా మొత్తం మొలక శాతానికి 95 శాతం ఇంటర్వెల్ కట్టి, దాని అర్థం రాయండి. ప్రశ్న ఇంతే.

ముందు క్లాసులో చెప్పే పద్ధతి చూద్దాం. 44ను 50తో భాగిస్తే 0.88.

0.88 ± 1.96 × √(0.88 × 0.12 / 50)

జవాబు 79 నుంచి 97 శాతం. లెక్క అందరికీ వస్తుంది. తప్పు జరిగేది దాని కింద రాసే వాక్యంలో. 'అసలు మొలక శాతం 79కీ 97కీ మధ్య ఉండే అవకాశం 95 శాతం' అని రాసేస్తారు. ఇది కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ చెప్పే మాట కాదు. 1937లో ఈ పద్ధతికి సిద్ధాంతం కట్టిన జెర్జీ నేమన్ లెక్కలో బస్తా మొలక శాతం ఒక స్థిరమైన సంఖ్య. మనకు తెలియదు, అంతే. మారేది మన చేతికొచ్చే 50 గింజలు. ఇదే బస్తా నుంచి మళ్లీ మళ్లీ 50 గింజలు తీసి ప్రతిసారీ ఇంటర్వెల్ కడితే, నూటికి దాదాపు 95 ఇంటర్వెల్స్‌లో అసలు సంఖ్య పడుతుంది. ఆ 95 పద్ధతికిచ్చిన మార్కు. మీ చేతిలో ఉన్న 79–97లో అసలు సంఖ్య ఉందో లేదో అది చెప్పదు.

రైతు అడిగేది వేరే ప్రశ్న కదా. 'ఈ బస్తా 80 దాటుతుందా, ఎంత నమ్మొచ్చు?' అంటాడు. దీనికి సూటిగా జవాబు చెప్పేది బేయ్స్ దారి. థామస్ బేయ్స్ వ్యాసం ఆయన చనిపోయాక 1763లో అచ్చయింది. ఇక్కడ గింజలు చూడకముందు మనకున్న అంచనాను ముందే రాసుకోవాలి. దాన్నే ప్రయర్ అంటారు. ఏమీ తెలియదనుకుంటే 0 నుంచి 100 దాకా ప్రతి శాతానికీ సమాన అవకాశం ఇస్తాం. అప్పుడు లెక్క చాలా తేలిక: మొలిచినవాటికి ఒకటి, మొలవనివాటికి ఒకటి కలపండి. వచ్చేది బీటా (45, 7). R సాఫ్ట్‌వేర్‌లో రెండు లైన్లు:

```
qbeta(c(0.025, 0.975), 45, 7)
1 - pbeta(0.80, 45, 7)
```

మొదటి లైను 76 నుంచి 94 శాతం ఇస్తుంది. ఇది క్రెడిబుల్ ఇంటర్వెల్. పైన తప్పన్న వాక్యం దీని కింద రాస్తే ఒప్పే. రెండో లైను రైతుకు కావలసిన జవాబు: బస్తా 80 దాటే అవకాశం సుమారు 91 శాతం.

అయితే ఇది ఊరికే రాదు. అదే దుకాణంలో పోయినేడు కొన్న విత్తనం సరిగా మొలవలేదనుకోండి. ఆ అనుభవాన్ని 20 గింజల్లో 14 మొలిచినంత బరువుగా, బీటా (14, 6)గా రాస్తే, అవే 50 గింజలతో ఆ 91 కాస్తా దాదాపు 75కు దిగుతుంది. అందుకే ప్రయర్ ఏదో, ఎందుకో జవాబులో రాయాల్సిందే. మొలకలు లెక్కపెట్టాక ప్రయర్ ఎంచుకుంటే అది కోరుకున్న జవాబు రాబట్టుకోవడమే.

మొదటి పద్ధతికీ ఒక గొయ్యి ఉంది. 20 గింజలే పెడితే 20కి 20 మొలిచాయనుకోండి. పై ఫార్ములా '100 నుంచి 100 శాతం' అంటుంది! అసలు మొలక శాతం 90 అయినా, ఇలా అన్నీ మొలిచే అవకాశం నూటికి 12 ఉంది. దానివల్లే ఆ సందర్భంలో '95 శాతం' అని పేరున్న పద్ధతి నిజానికి 88 సార్లే సరిగ్గా పట్టుకుంటుంది. బీటా (21, 1) మాత్రం 84 నుంచి 99.9 దాకా ఇస్తుంది. ఇంటర్వెల్ వెడల్పు సున్నా అయినా, పైహద్దు 100 దాటినా ఆ ఫార్ములా వదిలేయండి. ఫ్రీక్వెంటిస్ట్ దారిలోనే విల్సన్ ఇంటర్వెల్ ఉంది. మన 44కు అది కూడా 76–94 ఇస్తుంది. అంకెలు ఒకటే, కింద రాయాల్సిన వాక్యాలు మాత్రం వేరు.

అందుకే నా అభిప్రాయం, మార్కులు ఆ వాక్యానికే ఎక్కువ వేయాలి. వందల నమూనాలు చూసే విత్తన పరీక్ష ల్యాబ్‌కు తన పద్ధతి ఎన్నిసార్లు తప్పుతుందో తెలియాలి. దానికి నేమన్ మాటే సరైనది. ఒక్క బస్తాతో నారుమడి ముందు నిలబడ్డ మనిషికి బేయ్స్ మాట పనికొస్తుంది.

ఇంకొకటి. ఆ 50 గింజలూ బస్తా పైపొర నుంచే తీసి, అడుగున తేమ పట్టి ఉంటే రెండు ఇంటర్వెల్సూ తప్పే చెబుతాయి. పైన, మధ్యన, అడుగున తలా పిడికెడు తీసి, కలిపి, అప్పుడు లెక్కపెట్టండి.