మూడొందల కాల్, నూరు వారాల లెక్క

పోయినేడాది, నిఫ్టీ లాట్ 75 ఉన్న రోజుల మాట. శుక్రవారం మధ్యాహ్నం మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నిఫ్టీ 25,000 దగ్గరుంది. మంగళవారం ఎక్స్‌పైరీ. 25,500 కాల్ నాలుగు రూపాయలే! లాటుకి మూడొందలు. పోతే పోనీ, వస్తే పది రెట్లు" అన్నాడు.

పోయేది మూడొందలే అన్నమాట నిజమే. అసలు చిక్కు అక్కడే ఉంది. చిన్న మొత్తం కాబట్టి ఎంతకి కొంటున్నామో ఎవరూ లెక్క వేయరు. వెయ్యి రూపాయల చొక్కాకి బేరమాడే మనిషి ఇక్కడ అడగడు.

సరే, వేద్దాం. నిఫ్టీ మామూలుగా రోజుకి ముప్పాతిక శాతం అటూఇటూ ఊగుతుందనుకోండి. ఎక్స్‌పైరీకి మిగిలినవి రెండు ట్రేడింగ్ రోజులు. రెండు రోజుల ఊపు రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లకి కాస్త తక్కువ. అంటే సుమారు 265 పాయింట్లు. మనవాడికి కావాల్సింది 500. ఈ లెక్కన వందసార్లు కొంటే మూడుసార్లు మాత్రం 25,500 దాటుతుంది. దాటినప్పుడు కూడా సగటున వంద పాయింట్ల పైచిలుకే.

వంద వారాలకి పెట్టుబడి 30,000. మూడు గెలుపుల్లో తిరిగొచ్చేది ఇంచుమించు 23,000. ఆర్డరుకి 20 రూపాయల బ్రోకరేజీ, దాని మీద జీఎస్టీ కలిపితే మరో 2,400 పోతాయి. పెద్ద ప్రీమియం మీద ఆ ఇరవై కనబడదు గానీ, మూడొందల మీద అది ఎనిమిది శాతం!

ఇంకో సంగతి అతన్ని బాగా కంగారుపెట్టింది. సోమవారం నిఫ్టీ నిజంగానే వంద పాయింట్లు పెరిగింది. కాల్ మాత్రం నాలుగు నుంచి ఒకటిన్నరకి పడింది. "ఇదేంటి బావా, నేను చెప్పినట్టే పెరిగిందిగా?" పెరిగింది నాయనా, కానీ ఇంకా 400 మిగిలాయి, చేతిలో ఒక్క రోజే ఉంది. దిశ సరిగ్గా చెప్పినా చాలదు, వేగం కూడా చెప్పాలి.

ఇలాంటి కాల్ ఎప్పుడూ దండగే అనను. ధరలో లెక్కగట్టిన ఊపు కన్నా ఎక్కువ ఊపు వస్తుందనడానికి మీ దగ్గర గట్టి కారణం ఉంటే అది వేరే సంగతి. "చవగ్గా ఉంది" అన్నది కారణం కాదు. ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ మొత్తం మీద మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో సెబీ చెప్పింది.

గెలిచిన స్క్రీన్‌షాట్ ఒక్కటే గుర్తుంటుంది కాబట్టి, సున్నా అయినవి కూడా నోట్‌బుక్‌లో రాయమన్నాను. పదకొండు వారాలు రాశాడు. ఒకసారి 1,400 వచ్చింది. పెట్టింది 3,300, బ్రోకరేజీ వేరే.